సంధుల చీటీలు పిల్లలే రాసి మార్చుకుంటే, తప్పొప్పులు తేల్చేదెవరు?

ఆదోని_తెలుగుటీచర్
తొమ్మిదో తరగతి, 38 మంది. సంధుల పునశ్చరణకని ఒక ఆట పెట్టినాను. ఇంట్లో పడున్న పాత పెళ్లిపత్రికలు తెమ్మని, అరచేయంత ముక్కలు కత్తిరించి, ఒక్కొక్కరిని నాలుగు చీటీలు రాయమన్నాను. ముందు ప్రశ్న, వెనక జవాబు. పక్క బెంచీతో మార్చుకోవాలి, జవాబు చెప్పాలి, తిప్పి చూసుకోవాలి. మొదటి పది నిమిషాలు బాగానే సాగింది.

తర్వాత రెండు జరిగినాయి. ఒక చీటీ మీద "ఏమి + అంటివి = ?" అని ఉంది. వెనక జవాబు "ఏమంటివి". అవతలి పాప "ఏమియంటివి" అన్నది. రాసినోడు తప్పన్నాడు, పాప కాదన్నది, మూడో బెంచీ నుంచి ఇంకో ఇద్దరు వచ్చి చేరినారు. పక్క క్లాసు సారు కిటికీలోంచి తొంగి చూసేదాకా పోయింది.

రెండోది ఇంకా ఘోరం, ఎందుకంటే దానికి అరుపుల్లేవు. "గిరీశుడు" విడదీయమని ఒక చీటీ. వెనక "గిరి + ఇశుడు, సవర్ణదీర్ఘ సంధి" అని ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. ఆ చీటీ ఆరు చేతులు మారింది. ఆరుగురూ తిప్పి చూసి తలూపి పక్కకిచ్చేసినారు. అందులో ఇద్దరు మొదట "ఈశుడు" అని సరిగ్గానే రాసుకుని, వెనక చూసి, కొట్టేసి "ఇశుడు" అని దిద్దుకున్నారు! నోటుబుక్కులు దిద్దేటప్పుడు గాని నాకు తెలీలేదు.

మొత్తం 152 చీటీలు. అన్నీ నేనే దిద్ది ఇస్తే ఇంక పిల్లలు సరిచూసేదేముంది? దిద్దకపోతే తప్పు ఊరంతా పాకుతుంది. ఒకరి జవాబు ఒకరు చూసుకునేదానికి మీరు ఏం నియమాలు పెడతారు?

తాడిపత్రి_శీను
లెక్కల మాస్టర్ని, అయినా చెప్తా. వెనక జవాబు రాయనిచ్చింది ఎవరు మేడం? మీరు ఒక సాయంత్రం కూర్చుని చూసి ఎర్రసిరాతో టిక్కు పెట్టి ఇచ్చుంటే ఈ గొడవే లేదు. ఇంకో మాట. ఏమియంటివి అన్న పాపదే తప్పు. అది యడాగమం. అడిగింది ఇత్వ సంధి.

ఉగ్గాని_బజ్జి
పెళ్లిపత్రికల మీద సంధులా! వధూవరుల సంధి కూడా దాని మీదే కుదిరుంటుంది పాపం.

ఇంగ్లీష్_మేడం_అనంత
మా దగ్గరా ఇదే. ఆర్టికల్స్ మీద చీటీలు రాయిస్తే "యూనివర్సిటీ" ముందు "ఆన్" అని రాసి, వెనక కూడా అదే జవాబు. యు అచ్చు కదా మేడం అంటారు. అక్షరం చూస్తారు గాని శబ్దం వినరు. మీరు ప్రతి చీటీని గట్టిగా చదివించండి, అప్పుడు పలికేటప్పుడే తెలిసిపోతుంది.

ఆదోని_తెలుగుటీచర్
మేడం, మాది తెలుగు వ్యాకరణం. అయినా గట్టిగా చదవడం మాట బాగుంది. కాకపోతే గిరి + ఇశుడు అని గట్టిగా చదివినా "గిరీశుడు" అనే వస్తుంది, అదే వచ్చిన చిక్కు.
శీను సార్, 152 చీటీలు ఒక సాయంత్రం కాదు, మూడు సాయంత్రాలు. అదీగాక టిక్కు ఉంటే పిల్లలు చూసేది టిక్కును, జవాబును కాదు.

రిటైర్డ్_పండిట్
శీను గారు సగం నిజం చెప్పారు. ఏమియంటివి అన్నది యడాగమమే. కానీ ప్రశ్నలో ఏ సంధి అని ఎక్కడ అడిగారు? "ఏమి + అంటివి = ?" అని మాత్రమే ఉంది. ఏమి, మఱి, అది, ఇది, ఏది వంటి మాటల చివరి ఇకారానికి సంధి వైకల్పికం. జరిగితే ఏమంటివి, జరగకపోతే మధ్యలో యకారం వచ్చి ఏమియంటివి. రెండూ సాధువులే. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం అచ్చువేయించిన నాటి నుంచీ ఇది తేలిన సంగతే. తప్పు ఆ పాపది కాదు, ప్రశ్నది. ఒకే జవాబు ఉంటుందనుకుని అడిగిన ప్రశ్న అది.

తాడిపత్రి_శీను
సరే ఒప్పుకున్నా. అయితే వైకల్పికం, బహుళం అనేవి ఒకటే కదా? రెండు జవాబులొచ్చే సంధులన్నీ చీటీల్లోంచి తీసేస్తే పోలా.

రిటైర్డ్_పండిట్
ఒకటి కాదు. వైకల్పికమంటే జరగొచ్చు, జరగకపోవచ్చు, అంతే. బహుళమంటే ఒకచోట తప్పక జరుగుతుంది, ఒకచోట అసలు జరగదు, ఒకచోట రెండూ, ఇంకోచోట వేరే ఏదో జరుగుతుంది. అత్వ సంధి బహుళం. ఇక తీసేయడమంటారా, తీసేయొచ్చు. అప్పుడు తెలుగు సంధుల్లో ఉత్వ సంధి తప్ప పెద్దగా మిగలదు. "పూచెను + కలువలు" అని ఎవరైనా చీటీ రాశారనుకోండి, పూచెఁగలువలు, పూచెంగలువలు, పూచెన్గలువలు, పూచెనుగలువలు, నాలుగూ వస్తాయి. ఆ చీటీ మీద నలుగురు పిల్లలు నాలుగు రాసి కొట్టుకుంటే నలుగురూ గెలిచినట్టే.

పెన్నగట్టు
జమ్మలమడుగు దగ్గర హైస్కూల్లో ఎనిమిదేళ్లుగా ఈ ఆట ఆడిస్తున్నా. మొదటి రెండేళ్లు మీకు జరిగిందే నాకూ జరిగింది, కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తా, ఓపిక పట్టండి.

చీటీ వెనక జవాబు ఉండటం తప్పు కాదు. దాన్ని ఎప్పుడు చూస్తారన్నదే అసలు సంగతి. మీ ఆరుగురు పిల్లలు చేసింది సరిచూడటం కాదు, పోల్చుకోవడం. నా జవాబు, వెనక జవాబు ఒకటైతే ఒప్పు, వేరైతే నాదే తప్పు. రాసినోడే తప్పు రాసుంటాడని వాళ్లకు తట్టదు, అచ్చులో ఉన్నది దేవుడు రాసినట్టే కదా పిల్లలకు. కాబట్టి నా మొదటి నియమం: వెనక జవాబు మీద ఇంకో చిన్న కాగితం అతికించి మూసేయాలి. జవాబు రాసే పిల్ల తన నోట్సులో విడదీత, ఏ అచ్చుకు ఏ అచ్చు కలిసింది, సంధి పేరు, మూడూ పెన్నుతో రాసిన తర్వాతే ఆ కాగితం ఎత్తాలి. పెన్సిల్ అయితే చెరిపేస్తారు. తేడా వస్తే ఎవరూ ఎవరిదీ కొట్టేయకూడదు. రెండూ అట్లాగే ఉంచి చీటీని పక్కన పెట్టాలి.

రెండో నియమం, ఇద్దరు కాదు ముగ్గురు. ఒకరు చీటీ చదివేవాళ్లు, ఒకరు జవాబు రాసేవాళ్లు, ఒకరు తూచేవాళ్లు. ఇద్దరే ఉంటే గొంతు పెద్దదున్నోడు గెలుస్తాడు. మూడోవాళ్ల చేతిలో సంధిసూత్రాల చీటీ ఉంటుంది. వాళ్లు తీర్పు చెప్పకూడదు, ప్రశ్నలు మాత్రమే అడగాలి. విడదీసిన ముక్కలు మళ్లీ కలిపితే అదే మాట వస్తుందా? ఒక్కో ముక్క విడిగా అర్థమున్న మాటేనా? చెప్పిన సంధి పేరు, కలిసిన అచ్చులతో సరిపోతుందా?

మీ గిరీశుడిని దీంట్లో వేసి చూడండి. గిరి + ఇశుడు కలిపితే ఇ, ఇ కలిసి ఈ, గిరీశుడు వచ్చేసింది. మొదటి ప్రశ్న దాటేసినాడు. సవర్ణదీర్ఘం అన్న పేరు కూడా సరిగ్గా కూర్చుంది. అందుకే ఆరుగురికీ అనుమానం రాలేదు. దొరికేది రెండో ప్రశ్న దగ్గరే. "ఇశుడు" అంటే ఏమిరా అని అడిగితే ఎవడికీ తెలీదు. ఈశుడు అంటే అందరికీ తెలుసు. సవర్ణదీర్ఘంలో తప్పులు సగానికి సగం ఇక్కడే, ఎందుకంటే పొట్టి అచ్చు పెట్టినా పొడుగు అచ్చు పెట్టినా కలిపాక దీర్ఘమే వస్తుంది.

డీఎడ్_కుర్రోడు
అన్నా, అర్థమున్న మాటేనా అని తొమ్మిదో క్లాసు పిల్లలకు ఎట్లా తెలుస్తుంది? వాళ్లకు "ఓషధి" అన్నా తెలీదు, "ఔషధం" అన్నా మందులషాపే.

పెన్నగట్టు
నిఘంటువు. క్లాసులో ఒకటి బల్ల మీద ఉండాలి, అంతే. బ్రౌన్ దొర 1852లోనే అచ్చువేసి పెట్టినాడు, ఆయన బంగళా ఉన్న చోటే కడపలో గ్రంథాలయం కూడా ఉంది, ఇంకా మనం లేదంటే ఎట్లా. నువ్వు చెప్పిన ఉదాహరణే మంచిది. వనౌషధి అంటే వన + ఓషధి. దివ్యౌషధం అంటే దివ్య + ఔషధం. ఓ అయినా ఔ అయినా కలిపితే ఔ వస్తుంది, కాబట్టి నిఘంటువు తెరవకుండా ఎవరూ తేల్చలేరు. మా దగ్గర వెతికే పని క్లాసులో బాగా వెనకబడిన పిల్లవాడికి ఇస్తా. వాడికి తీర్పు చేతిలో ఉన్నట్టుంటుంది. అకారాది క్రమం కూడా అట్లే వచ్చేసింది వాడికి.

గుత్తి_అమ్మ
నేను టీచర్ని కాదు. మా పాప ఎనిమిదో తరగతి. వాళ్ల బడిలో ఇట్లాంటి ఆటే పెట్టి, చీటీ మీద రాసినోళ్ల పేరు కూడా రాయించినారు. మా పాప చీటీలో తప్పు దొరికింది. ఆ రోజంతా "రాజార్షి, రాజార్షి" అని ఏడిపించినారంట. రెండురోజులు కడుపునొప్పి అని బడికి పోలేదు. నియమాలు పెట్టేటప్పుడు ఇది కూడా చూడండి.

ఆదోని_తెలుగుటీచర్
అక్కా, మంచి మాట చెప్పినారు. నేనూ పేర్లు రాయించినాను. రోల్ నంబర్లు పెడితే?

గుత్తి_అమ్మ
పిల్లలకు ఒకరి రోల్ నంబరు ఒకరికి ఆధార్ నంబరు కన్నా బాగా తెలుసు మేడం.

రిటైర్డ్_పండిట్
పేరు ఉండాలనే నా అభిప్రాయం. ఎవరు రాశారో తెలియకపోతే బాధ్యత ఉండదు, "గిరి + అమ్మశుడు" అని కూడా రాసి పడేస్తారు.

పెన్నగట్టు
పండిట్ సార్, నేనూ అదే అనుకుని మూడేళ్లు పేర్లు పెట్టించినా. ఆ మూడేళ్లూ పిల్లలు భయపడి పాఠం వెనక ఉన్న దేవాలయం, రామాలయం మాత్రమే రాసినారు. ఒక సంవత్సరం 90 చీటీల్లో 14 దేవాలయాలు లెక్కపెట్టినా. ఇప్పుడు గుంపుకో రంగు ఇస్తా. పసుపు గుంపు చీటీలో తప్పుంటే పసుపు గుంపుకు తిరిగి పోతుంది. ముగ్గురూ కలిసి దిద్దుకుంటారు, ఏ ఒక్కరి నెత్తినా పడదు.

రిటైర్డ్_పండిట్
రంగు సరే. కానీ చీటీ అడుగున చిన్న అక్షరాల్లోనైనా సంతకం ఉండాలంటాను. నేను మారను.

ఉగ్గాని_బజ్జి
14 దేవాలయాలా! కడప జిల్లా కదా, ఒంటిమిట్ట ఒక్కటి చాలదన్నట్టు.

తాడిపత్రి_శీను
మార్కులెట్లా ఇస్తారు? మార్కు లేకుంటే మనోళ్లు కదలరు. అవతలోడు జవాబు చెప్పలేకపోతే చీటీ రాసినోడికి పాయింటు అని పెట్టండి, కష్టమైన ప్రశ్నలొస్తాయి.

పెన్నగట్టు
అయ్యో ఆ పని మాత్రం చేయొద్దు. చేసి చూసినా. జవాబు చెప్పలేని చీటీకి పాయింటు అంటే పిల్లలు రాసేది కష్టమైన ప్రశ్న కాదు, అర్థంకాని ప్రశ్న. ఒకడు మాటను సగం చెరిపి పెట్టినాడు. ఇంకొకడు "అది + ఇది" అని రాసి, ఏ జవాబు చెప్పినా కాదన్నాడు. మేము ఇచ్చేది ఇట్లా: రెండు గుంపుల పరీక్ష దాటిన చీటీకి, రాసిన గుంపుకు ఒక పాయింటు. తప్పు పట్టుకుని కారణం చెప్పగలిగిన గుంపుకు ఒక పాయింటు. తప్పు ఒప్పుకుని దిద్దిన గుంపుకు అర పాయింటు. జవాబు చెప్పినందుకు, చెప్పలేనందుకు ఏమీ లేదు.

తాడిపత్రి_శీను
అర పాయింటు దగ్గర మళ్లీ లెక్కల మాస్టరే కావాల గదా.

డీఎడ్_కుర్రోడు
తప్పు పట్టుకుంటే పాయింటు అంటే, లేని తప్పులు కూడా పట్టుకుంటారేమో అన్నా?

పెన్నగట్టు
పట్టుకుంటారు. అందుకే "కారణం చెప్పగలిగిన" అన్నది. సూత్రాల చీటీలో వేలు పెట్టి చూపించాల, లేదా నిఘంటువు చూపించాల. అయినా మొదటి వారం ఉత్తుత్తి తప్పులు వస్తాయి, ఓర్చుకోవాల.

తేలనివి ఒక డబ్బాలో వేస్తారు. పంచాయతీ డబ్బా అంటాం. టీచరు చూసేది ఆ డబ్బా ఒక్కటే. మేడం, మీకు 152 చీటీలు దిద్దే పని ఉండదు.

ఇంకొక్క మాట, ఇది ముఖ్యం. డబ్బా ఖాళీగా ఉంటే సంతోషపడొద్దు. అందరూ సరిగ్గా రాసుండొచ్చు, లేదా ఎవరూ చూసుండకపోవచ్చు. ఏదో తెలుసుకోవాలంటే కావాలని తప్పులున్న నాలుగైదు చీటీలు మీరే రాసి, పిల్లల చీటీల్లో కలిపేయండి. ఎన్ని బయటపడినాయో చూడండి.

రిటైర్డ్_పండిట్
ఉపాధ్యాయుడే తప్పు రాసి పిల్లల చేతికి ఇవ్వడమా? ఒప్పుకోలేను. చిన్నప్పుడు ఒకసారి చూసిన తప్పు ముసలితనం దాకా పోదు.

పెన్నగట్టు
సార్, ఆ రోజే చివర్లో అన్నీ బోర్డు మీద రాసి బయటపెడతాం. ఏది కలిపినామో చెప్పేదాకా గంట కొట్టనివ్వం. అయినా మీ భయం ఊరికే కాదు. అందుకే ఐదు దాటనివ్వను.

ఆదోని_తెలుగుటీచర్
సోమవారం నుంచి మొదలుపెడతా. అయ్యాక వచ్చి చెప్తా. ఇంకో సందేహం, రెండు జవాబులొచ్చే సంధులు ఉంచాలా తీసేయాలా?

రిటైర్డ్_పండిట్
ఉంచండి. ప్రశ్న మార్చండి చాలు. "కలిపి రాయండి" అనకుండా "వచ్చే రూపాలన్నీ రాయండి" అనమనండి. లేదా ఏమంటివి అని ఇచ్చి విడదీయమనండి, అటు నుంచి ఒకటే జవాబు. ఇంతకీ పిల్లల దగ్గర ఉన్న సూత్రాల చీటీలో ఏ సంధి నిత్యమో, ఏది వైకల్పికమో, ఏది బహుళమో ఒక్కో మాట రాసి ఉండాలి. లేకపోతే మూడోవాడు దేన్ని చూసి తూచాలి?

ఉగ్గాని_బజ్జి
పండిట్ సారు మెత్తబడినారు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఆదోని_తెలుగుటీచర్
మూడు పీరియడ్లు అయిపోయినాయి. చెప్తానన్నాను కదా, జరిగింది జరిగినట్టు చెప్తా.

38 మందిలో ముగ్గురేసి 12 గుంపులు. మిగిలిన ఇద్దరికి పంచాయతీ డబ్బా, నిఘంటువు అప్పజెప్పినా. నాలుగు చీటీలు ఎక్కువయినాయి కాబట్టి ఈసారి తలా రెండే. మొత్తం 72. మొదటి పీరియడ్ అంతా రాయడానికే సరిపోయింది. రెండో రోజు నేను ఐదు తప్పు చీటీలు కలిపి, ఒక్కో గుంపు కట్టను పక్క గుంపుకు ఇప్పించినా. మూడో రోజు ఇంకో గుంపుకు.

నా ఐదు తప్పులు ఇవి. రాజర్షి = రాజ + అర్షి. ప్రత్యేకం = ప్రత్య + ఏకం. అక్కాలం = అక్క + కాలం. ఏకైక = ఏక + ఐక. పరోపకారం = పరా + ఉపకారం.

మొదటి మూడూ రెండో రోజే పట్టేసినారు. రాజ + అర్షి కలిపితే రాజార్షి అయింది, ప్రత్య + ఏకం ప్రత్యైకం అయింది, అక్క + కాలం దగ్గర క్లాసంతా పడీ పడీ నవ్వినారు. ఏక + ఐక ఆ రోజు దాటిపోయింది. అ, ఐ కలిస్తే ఐ, వృద్ధి సంధి, అంతా బాగుంది కదా. మూడో రోజు ఒక గుంపులో అమ్మాయి "ఐక అంటే?" అన్నది. నిఘంటువు దగ్గర కూర్చున్నవాడు ఐక్యం చూపించినాడు, ఐకమత్యం చూపించినాడు, ఐక మాత్రం లేదు. వాడు ఆ పేజీని తెరిచి పట్టుకుని క్లాసంతా తిరిగినాడు, వాడే కనిపెట్టినట్టు.

పరా + ఉపకారం మాత్రం రెండు గుంపులూ ఒప్పని టిక్కు పెట్టినారు. నేను చెప్పేదాకా ఎవరికీ తెలీలేదు.

పెన్నగట్టు
అది మా మూడు ప్రశ్నల్లోని ఓటి కుండ మేడం. ఆ, ఉ కలిస్తే ఓ, గుణసంధి సరే. "పరా" అనే మాట నిఘంటువులో ఉంది, ఉపసర్గ. మూడు ప్రశ్నలూ దాటేస్తుంది. ఎనిమిదేళ్లలో నాకు ఇట్లాంటిది తగల్లేదు, లేదా తగిలినా నేనూ టిక్కు పెట్టేసుంటా.

రిటైర్డ్_పండిట్
పరులకు చేసే ఉపకారం కాబట్టి పర + ఉపకారం. ముక్కలకు అర్థముందా అని కాదు, ఆ ముక్కల అర్థం కలిసి ఈ మాట అర్థం అవుతుందా అని అడగాలి. సమాసం తెలియకుండా సంధి విడదీయిస్తే ఇంతే.

డీఎడ్_కుర్రోడు
అయితే నాలుగో ప్రశ్న చేరుద్దామా? "విడదీసిన ముక్కలతో ఒక వాక్యం చెప్పు, అది ఈ మాట అర్థమేనా?"

ఆదోని_తెలుగుటీచర్
చేరుస్తా. కానీ 45 నిమిషాల్లో ఒక్కో గుంపు ఆరు చీటీలకు మూడు ప్రశ్నలు అడగడమే కష్టమయింది. నాలుగో ప్రశ్న పెడితే చీటీలు నాలుగుకు దించాల.

డబ్బాలో పడినవి 11. ఆరింట్లో రాసినోళ్లదే తప్పు. నాలుగింట్లో ఇద్దరిదీ ఒప్పే: ఏమంటివి, మఱేమి, మేనల్లుడు, మహీంద్రుడు. మేనల్లుడికి "మేనయల్లుడు" అన్న పిల్లవాడిని ఇంట్లో అట్లా ఎవరంటారు రా అని అందరూ ఎగతాళి చేసినారు. సూత్రాల చీటీలో "బహుళం" అన్న మాట చూపించి నోరు మూయించినాడు. మహీంద్రుడిని మహి + ఇంద్రుడు అని ఒకరు, మహీ + ఇంద్రుడు అని ఒకరు.

రిటైర్డ్_పండిట్
మహి, మహీ రెండూ భూమే. రెండూ చెల్లుతాయి.

గుత్తి_అమ్మ
ఎవరైనా ఏడ్చినారా మేడం?

ఆదోని_తెలుగుటీచర్
ఏడవలేదక్కా. రంగులే పెట్టినా. నీలం గుంపుకు తప్పులు ఎక్కువొచ్చినాయి. అందులో ఒకమ్మాయి ఇంట్లో కన్నడం, ఇంకొకమ్మాయి ఇంట్లో ఉర్దూ. మా ఆదోనిలో ఇది మామూలే. వాళ్లు దిద్దినందుకు అర పాయింట్లు కూడబెట్టుకుని మూడో స్థానానికి వచ్చినారు. కానీ ఉర్దూ మాట్లాడే అమ్మాయి తూచే వంతు వచ్చినప్పుడు నోరు విప్పలేదు, పక్కనోళ్లే అడిగేసినారు. దానికి ఏం చేయాలో నాకింకా తెలీలేదు.

పెన్నగట్టు
ప్రశ్నలు చీటీ మీద రాసి ఇవ్వండి, చదివితే చాలు. మాట్లాడమంటే బెదిరేవాళ్లు చదవమంటే చదువుతారు. అందరూ కాదులెండి.

తాడిపత్రి_శీను
ఆరు, నాలుగు కలిపితే పది. డబ్బాలో పదకొండు అన్నారు. మిగిలిన ఒకటి ఏది?

ఆదోని_తెలుగుటీచర్
చూసినారా లెక్కల మాస్టర్ని! ఆ ఒక్కటే ఇంకా డబ్బాలోనే ఉంది. "వాడొచ్చినాడు" విడదీయమని ఒక చీటీ. వెనక "వాడు + ఒచ్చినాడు, ఉత్వ సంధి". అవతల గుంపు "వాడు + వచ్చినాడు" అని రాసి, వకారం అచ్చు కాదు కాబట్టి ఉత్వ సంధి కాదు, అసలు సంధే కాదు అన్నారు. నిఘంటువులో "ఒచ్చు" కోసం వెతికినారు, లేదు. రాసినవాడు ఒక్క మాట అన్నాడు: "మీరు ఇంట్లో వచ్చినాడు అంటారా, ఒచ్చినాడు అంటారా?" ఎవరూ మాట్లాడలేదు.

రిటైర్డ్_పండిట్
గ్రాంథిక వ్యాకరణానికి వాడు + వచ్చినాడు. ఉత్వ సంధి వర్తించదు. పరీక్షలో రాస్తే సున్నా.

డీఎడ్_కుర్రోడు
కానీ సార్, మాట్లాడేటప్పుడు వచ్చి కాస్తా ఒచ్చి అయింది. అప్పుడు ముందు ఉన్నది అచ్చే. పిల్లవాడు సూత్రం సరిగ్గానే వాడినాడు, మాట మనూరి మాట, అంతే.

రిటైర్డ్_పండిట్
సూత్రం సరిగ్గా వాడాడన్నది ఒప్పుకుంటాను. చీటీ ఒప్పని మాత్రం ఒప్పుకోను.

పెన్నగట్టు
మా దగ్గర ఇట్లాంటివాటికి "మాట్లాడే తెలుగు" అని వేరే కట్ట పెట్టినా. పాయింట్లుండవు. చిత్రమేమంటే ఎక్కువ చీటీలు ఆ కట్టలోనే వస్తాయి. పరీక్షకు ముందు నెల మాత్రం దాన్ని దాచేస్తా, కలిసిపోతే కష్టం.

ఆదోని_తెలుగుటీచర్
వాడికి పాయింటు ఇవ్వాలా వద్దా?

తాడిపత్రి_శీను
అర.

రిటైర్డ్_పండిట్
సున్నా.

గుత్తి_అమ్మ
ఒకటి ఇవ్వండి మేడం.

ఉగ్గాని_బజ్జి
ఇదంతా చదివి నేనూ ఒక చీటీ రాసినా. "ఉగ్గాని" విడదీయండి. వెనక జవాబు మూసిపెట్టినా. పండిట్ సార్, పెన్నుతో రాసినాకనే ఎత్తాల.

రిటైర్డ్_పండిట్
ఉగ్గు + ఆని. కలిపితే వస్తుంది, ఉత్వ సంధి, పేరూ సరిపోయింది. కానీ "ఆని" అంటే ఏమిటో నువ్వే చెప్పాలి.

ఉగ్గాని_బజ్జి
నాకూ తెలీదు సార్. వెనక "బజ్జి" అని రాసి పెట్టినా.

రిటైర్డ్_పండిట్
డబ్బాలో వెయ్యి.